ఇతరుల పోస్టుల కింద కామెంటు రాసి సరైన వృత్తి నిపుణుల కంట పడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

లింక్డ్‌ఇన్‌లో పోస్టులు రాయడం గురించి సలహాలకు కొదవ లేదు. ఎదుటివారి పోస్టు కింద ఏం రాయాలి, ఎవరి పోస్టు కింద రాయాలి అన్న సందేహాలు మాత్రం మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. వాటిని దశల వారీగా ఇక్కడ పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, కాబట్టి మీకు కావలసిన చోట మొదలుపెట్టవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నేను సొంతంగా పోస్టులు రాయను. కామెంట్లతోనే గుర్తింపు వస్తుందా?

వస్తుంది. పరిచయాలు తక్కువగా ఉన్నప్పుడు పోస్టుల కంటే ముందు కామెంట్లతోనే వస్తుంది. మీరు పోస్టు రాస్తే అది మొదట మీ కనెక్షన్లకు, మిమ్మల్ని ఫాలో అయ్యేవారికి చేరుతుంది. వారిలో ఎక్కువ మంది పాత సహోద్యోగులు, చదువుకున్నప్పటి స్నేహితులు అయితే, మీరు ఎంత మంచి విషయం రాసినా అది చేరవలసిన వారికి చేరదు. మీ రంగంలో పేరున్న వ్యక్తి రాసిన పోస్టు దగ్గర ఆ రంగం వారు అప్పటికే చేరి ఉంటారు. అక్కడ మీరు రాసిన నాలుగు వాక్యాలు వారి ముందే పడతాయి.

కామెంట్లకు ఒక పరిమితి ఉంది. ఒక విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా వివరించే చోటు అక్కడ దొరకదు. మిమ్మల్ని గుర్తుపట్టినవారు మీ ప్రొఫైలు తెరిచినప్పుడు చదవడానికి ఒకటి రెండు సొంత పోస్టులైనా ఉంటే ఆ పరిచయం నిలబడుతుంది.

ప్రొఫైలులో ముందుగా ఏం సరిచేసుకోవాలి?

హెడ్‌లైన్. ప్రతి కామెంటుతో పాటు మీ ఫొటో, పేరు, పేరు కింద హెడ్‌లైన్ కనిపిస్తాయి. హెడ్‌లైన్‌కు 220 అక్షరాల దాకా అనుమతి ఉన్నా, కామెంటు పక్కన మొదటి కొన్ని పదాలే కనబడి మిగతాది తెగిపోతుంది. అందుకే మీరు చేసే పని మొదటి నాలుగైదు పదాల్లోనే తెలియాలి. 'ఉత్సాహవంతుడైన నిపుణుడు, నిత్య విద్యార్థి' అని మొదలైతే చదివేవారికి ఏమీ తెలియదు. 'గోదాము నిల్వల లెక్కలు, తేడాల విశ్లేషణ' అని మొదలైతే ఆ పనిలో ఉన్నవారు ఆగి చూస్తారు.

నాకు అనుభవం తక్కువ. పెద్దవారి మధ్య నేను ఏం చెప్పగలను?

పని దగ్గరగా చేసేవారికి కనిపించేవి, పైనుంచి చూసేవారికి కనిపించవు. ఒక విధానాన్ని ప్రవేశపెట్టిన మేనేజరు దాని ఫలితం గురించి రాస్తారు. ఆ విధానం ప్రకారం రోజూ ఫారాలు నింపేవారికి ఏ గడిని అందరూ ఖాళీగా వదిలేస్తున్నారో తెలుసు. ఆ వివరం రాయండి. తీర్పులు, ధోరణులు, రంగం భవిష్యత్తు వంటివి ప్రస్తుతానికి వదిలేయండి. కళ్లారా చూసిన ఒక చిన్న విషయాన్ని స్పష్టంగా చెప్పేవారి వయసును ఎవరూ లెక్కించరు.

## ఎవరి పోస్టులు ఎంచుకోవాలి

లక్షల మంది ఫాలో అయ్యే ప్రముఖుల పోస్టుల కింద రాస్తే ఎక్కువ మంది చూస్తారు కదా?

చూసేవారు ఎక్కువే, కానీ వారెవరు అన్నదే అసలు సంగతి. అలాంటి పోస్టుల కింద వందల కామెంట్లు పడతాయి. చాలా వరకు పొగడ్తలు, సొంత ప్రచారాలు. పోస్టు రాసిన వ్యక్తి వాటిని చదవడమే అరుదు, జవాబివ్వడం ఇంకా అరుదు. చదివేవారు కూడా అన్ని రంగాల నుంచి వచ్చి వెళుతుంటారు.

నా సలహా మధ్యస్థంగా నడిచే పోస్టులు. పది నుంచి నలభై దాకా కామెంట్లు ఉండి, రాసినవారు వాటికి స్వయంగా జవాబిస్తూ ఉంటే, అక్కడ నిజంగా సంభాషణ జరుగుతోందని అర్థం. అక్కడ కనిపించే పేర్లే తర్వాతి వారం మరో పోస్టు దగ్గర మళ్లీ కనిపిస్తాయి. ఒకే గుంపు మిమ్మల్ని రెండు మూడు చోట్ల చూసినప్పుడే పేరు గుర్తుంటుంది.

సరే, ఆ సరైన వారిని ఎలా వెతకాలి?

ముందు మీకు ఎవరి కంట పడాలని ఉందో ఒక వాక్యంలో రాసుకోండి. 'గోదాముల నిర్వహణ చూసే మేనేజర్లు, వారికి సాఫ్ట్‌వేర్ అమర్చే సలహాదారులు' అన్నంత నిర్దిష్టంగా ఉండాలి. 'పరిశ్రమ పెద్దలు' అంటే వెతకడం కుదరదు.

తర్వాత ఆ పనిలో ఉన్నవారు మాత్రమే వాడే మాటలతో వెతకండి. 'నాయకత్వం', 'నాణ్యత' వంటి మాటలతో వెతికితే అన్ని రంగాలవారూ వస్తారు. వృత్తిలోని ఒక పద్ధతి పేరో, ఒక పరికరం పేరో, ఒక కొలత పేరో ఇస్తే సంబంధం లేని ఫలితాలు బాగా తగ్గిపోతాయి. ఫలితాల్లో పోస్టులను మాత్రమే ఎంచుకుని, గత నెలలో వచ్చినవే చూపమని అడగండి.

దొరికిన మంచి పోస్టుల్లో కామెంట్లను పోస్టు కంటే శ్రద్ధగా చదవండి. తెలివైన ప్రశ్న వేసినవారు, రాసినవారిని ఒప్పుకోక కారణం చెప్పినవారు అక్కడే దొరుకుతారు. వారి ప్రొఫైలు తెరిస్తే వారు ఇంకెక్కడ కామెంట్లు రాస్తున్నారో కనిపిస్తుంది. అలా ఒకరి నుంచి మరొకరికి వెళితే పదిహేను, ఇరవై మంది జాబితా సులభంగా తయారవుతుంది. అంతకు మించి అవసరం లేదు. వారిని ఫాలో అయ్యాక ప్రొఫైలులోని గంట గుర్తు నొక్కితే కొత్త పోస్టు పడినప్పుడు నోటిఫికేషన్ వస్తుంది. లేకపోతే ఫీడ్ తనకు తోచినవే చూపిస్తుంది.

పోస్టు పడిన వెంటనే రాయకపోతే లాభం లేదంటారు. నిజమేనా?

సగం నిజం. మొదటి గంటల్లో పోస్టు రాసిన వ్యక్తి అక్కడే ఉండి జవాబులిస్తుంటారు, కాబట్టి సంభాషణ కలిసే అవకాశం ఎక్కువ. అయితే కామెంట్లు మామూలుగా కాలక్రమంలో కాకుండా, ముఖ్యమైనవని లింక్డ్‌ఇన్ అంచనా వేసిన క్రమంలో కనిపిస్తాయి. జవాబులు వచ్చిన కామెంటు మర్నాడు రాసినదైనా పైకి రావచ్చు. ముందు రాయాలన్న తొందరలో పోస్టును సగమే చదివి, అందులో చెప్పిన విషయాన్నే మళ్లీ అడిగితే అది అందరికీ కనిపిస్తుంది.

## రాసేటప్పుడు

'చాలా బాగా చెప్పారు' అని రాస్తే తప్పేముంది?

తప్పు లేదు, రాసినవారికి సంతోషమే. కానీ ఆ పని లైకు కూడా చేస్తుంది. మూడో వ్యక్తికి మీ గురించి తెలిసేది ఏమీ ఉండదు. మెచ్చుకోవాలనిపిస్తే పోస్టులో మిమ్మల్ని ఆపిన వాక్యం ఏదో, ఎందుకు ఆగారో రాయండి. ఆ 'ఎందుకు'లో మీ పని కనిపిస్తుంది.

ఆలోచనతో కూడిన కామెంటు అంటే ఎలా ఉంటుంది? ఒక ఉదాహరణ చూపగలరా?

ఒక గోదాము మేనేజరు ఇలా పోస్టు రాశారనుకుందాం: 'ఏడాదికోసారి గోదాము మూసి సరుకంతా లెక్కపెట్టే పద్ధతి మానేశాం. రోజూ కొంత భాగం లెక్కిస్తున్నాం. నిల్వల ఖచ్చితత్వం 99 శాతానికి చేరింది.' నిల్వల లెక్కలు చూసే ఉద్యోగి ఒకరు ఈ పోస్టు చదివారు. గోదాము మేనేజర్లకు తన పని తెలియాలన్నది ఆ ఉద్యోగి కోరిక.

మొదట తోచే కామెంటు ఇది: 'నిజమే! రోజువారీ లెక్కింపు వల్ల ఖచ్చితత్వం పెరుగుతుంది, సమయం కూడా ఆదా అవుతుంది. అందరూ పాటించాలి.' ఇందులో పొరపాటు మాట ఒక్కటీ లేదు. అయితే పోస్టు చెప్పినదే మళ్లీ చెప్పింది. గోదాములో ఎన్నడూ అడుగుపెట్టనివారు కూడా దీన్ని రాయగలరు.

అదే ఉద్యోగి ఒక నిమిషం ఆగి, '99 శాతం అంటే దేన్ని కొలిచినది?' అని తనను తాను అడిగితే కామెంటు ఇలా మారుతుంది:

'ఈ 99 శాతం వస్తువు మొత్తానికి కొలిచారా, అరల వారీగా కొలిచారా? నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒక వస్తువుకు రెండు అరలు ఉండేవి. ఉదాహరణకు, కంప్యూటర్‌లో 100, 40 అని ఉంటే లెక్కిస్తే 90, 50 దొరికాయి. మొత్తం కంప్యూటర్‌లోనూ, లెక్కలోనూ 140, కాబట్టి నివేదికలో తేడా సున్నా. మొదటి అర నుంచి 95 తీయాల్సిన మనిషికి మాత్రం ఐదు తక్కువ పడ్డాయి. అరల వారీగా కొలవడం మొదలుపెట్టాక మా శాతం తగ్గింది, కానీ తప్పు లెక్కింపులో లేదని, వచ్చిన సరుకును అరల్లో సర్దేటప్పుడు జరుగుతోందని అప్పుడే తెలిసింది.'

ఇక్కడ ఏం జరిగిందో చూడండి. పోస్టులోని ఒకే ఒక్క మాటను, ఆ శాతాన్ని, పట్టుకున్నారు. మిగతా విషయాల జోలికి వెళ్లలేదు. ప్రశ్నకు రాసినవారు ఒక్క ముక్కలో జవాబివ్వగలరు, అందుకే జవాబు వచ్చే అవకాశం ఉంది. అంకెలు నాలుగే, ఎవరైనా కూడుకుని సరిచూసుకోవచ్చు. తమ శాతం తగ్గిందని చెప్పడం వల్ల ఆ మాట మీద నమ్మకం పెరిగింది. పోస్టు రాసిన వ్యక్తిని తప్పుపట్టలేదు, అయినా ఆ 99 శాతాన్ని ఇంకోసారి చూసుకోవాలని ఆ పోస్టు చదివిన ప్రతి మేనేజరుకూ అనిపిస్తుంది. 'నేను నిల్వల నిపుణుడిని' అన్న వాక్యం ఎక్కడా లేకుండానే ఆ సంగతి తెలిసిపోయింది.

ఇలాంటి కామెంటుకు మూలం మంచి భాష కంటే ముందు మంచి ప్రశ్న. పోస్టు చదివాక ఈ మూడింటిలో ఒకటి అడిగి చూడండి: ఈ ఫలితాన్ని ఎలా కొలిచారు? ఇది ఏ పరిస్థితుల్లో పనిచేయదు? దీనివల్ల పని భారం ఎవరి మీదకు మారింది? మూడింటికీ మీ దగ్గర సొంత మాట లేకపోతే ఆ పోస్టును వదిలేయండి.

ఎంత పొడవు ఉండాలి?

కామెంటుకు 1250 అక్షరాల దాకా చోటు ఉంటుంది, అదంతా వాడాల్సిన పని లేదు. మూడు నుంచి ఆరు వాక్యాలు చాలు. పొడవైన కామెంటులో మొదటి పంక్తులే కనిపించి మిగతాది నొక్కితే తెరుచుకుంటుంది, కాబట్టి 'నమస్కారం, మీ పోస్టు చదివాను, చాలా ఆలోచింపజేసింది' అంటూ ఆ పంక్తులను ఖర్చు చేయకండి. ప్రశ్నతోనో, విషయంతోనో మొదలుపెట్టండి. ఎంత కుదించినా ఆరేడు వాక్యాలు దాటి పోతుంటే, అది మీ సొంత పోస్టుకు పనికొచ్చే విషయం.

పోస్టులో రాసింది తప్పనిపించింది. అందరి ముందూ ఎలా చెప్పాలి?

ముందు వారు చెప్పిన విషయం ఏ హద్దుల్లో నిజమో గుర్తించండి. చాలా సార్లు ఇద్దరి అనుభవం వేర్వేరు పరిస్థితుల నుంచి వచ్చి ఉంటుంది. 'ఇది తప్పు' అనే బదులు 'సరుకు రకాలు వందల్లో ఉన్నప్పుడు ఇది సరిపోతుంది. వేలల్లో ఉన్నచోట మాకు ఇలా ఎదురైంది' అంటే, రాసినవారు తమ మాట వెనక్కి తీసుకోకుండానే మీతో మాట్లాడగలరు. కారణం చెప్పలేని అభ్యంతరాన్ని రాయకండి. వాస్తవమే తప్పుగా ఉంటే, అంటే ఒక తేదీయో నిబంధనో పొరపాటుగా పడితే, దాన్ని వ్యక్తిగత సందేశంలో చెప్పడం మర్యాద. వారు దిద్దుకున్నాక ఆ సాయం వారికి గుర్తుంటుంది.

అవతలివారు కోపంగా జవాబిస్తే ఒక్కసారి మీ వాదన స్పష్టం చేసి ఆగండి. మీ తర్వాతి ఉద్యోగం ఇవ్వగలవారు ఆ వాదనను మౌనంగా చదువుతూ ఉండవచ్చు.

సొంత అనుభవం రాయమంటున్నారు. మా సంస్థ విషయాలు బయటపెట్టినట్టు కాదా?

అవుతుంది, జాగ్రత్త తీసుకోకపోతే. కస్టమర్ల పేర్లు, ధరలు, ఇంకా ప్రకటించని పనులు, ప్రస్తుత సంస్థలోని లోపాలు ఏ రూపంలోనూ రాయకూడదు. మీ పేరు పక్కనే సంస్థ పేరు కనిపిస్తుంది, కాబట్టి 'మా దగ్గర' అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఎక్కడ జరిగిందో తీసేసి, ఎలా జరిగిందో మాత్రం ఉంచండి. నిజమైన సంఖ్యలకు బదులు లెక్క అర్థమయ్యేలా చిన్న సంఖ్యలు తీసుకుని, 'ఉదాహరణకు' అని స్పష్టంగా చెప్పండి. పంపే ముందు మీ మేనేజరు దీన్ని చదివితే ఇబ్బంది పడతారా అని ఊహించుకోండి. సందేహం ఉంటే ఆపేయండి.

కామెంటులో మా సేవల లింకు పెట్టవచ్చా?

వద్దు. ఎవరైనా అడిగితే ఇవ్వండి. అడగకుండా పెట్టిన లింకు మీరు రాసిన మంచి విషయాన్ని కూడా ప్రచారంగా మార్చేస్తుంది. సంబంధం లేని ప్రముఖులను @ గుర్తుతో పిలవడం కూడా అంతే.

## రాసిన తర్వాత

కామెంటుకు జవాబే రాలేదు. దండగేనా?

జవాబు రాయనివారు చదవలేదని అనుకోనక్కరలేదు. పోస్టు చదివేవారిలో ఎక్కువ మంది మౌనంగానే వెళ్లిపోతారు. అయితే ఒకే వ్యక్తి పోస్టుల కింద మూడు నాలుగు సార్లు ఆలోచించి రాసినా స్పందన లేకపోతే, వారు ఇతరులకు జవాబిస్తున్నారో లేదో చూడండి. ఎవరికీ ఇవ్వకపోతే అది వారి అలవాటు, జాబితాలో ఆ పేరు మార్చుకోండి. అందరికీ ఇచ్చి మీకు ఇవ్వకపోతే, మీ కామెంటులో జవాబివ్వదగిన ప్రశ్న ఉందో లేదో మళ్లీ చదువుకోండి.

జవాబు వచ్చింది. ఇప్పుడు ఏం చేయాలి?

ఆ రోజే తిరిగి రాయండి. 'ధన్యవాదాలు' అని ముగిస్తే తలుపు మూసినట్టే. 'మీరు రోజుకు ఎన్ని అరలు లెక్కిస్తారు?' అని వారు అడిగితే, సంఖ్యతో పాటు ఆ సంఖ్యను ఎలా నిర్ణయించారో ఒక వాక్యం కలపండి: 'త్వరగా కదిలే సరుకు నెలకోసారి లెక్కకు వచ్చేలా చూస్తాం, అరుదుగా కదిలేది ఏడాదికి ఒకటి రెండు సార్లు. దాన్ని రోజులకు పంచితే వచ్చిన సంఖ్య అది.' మూడో వ్యక్తి మధ్యలో చేరి ప్రశ్న వేస్తే వారికీ జవాబివ్వండి. ఉపయోగపడే పరిచయాలు చాలాసార్లు పోస్టు రాసిన వ్యక్తి కంటే ఈ మూడో వ్యక్తితోనే మొదలవుతాయి.

కనెక్షన్ రిక్వెస్టు ఎప్పుడు పంపాలి?

కనీసం ఒకసారి ఇరువైపులా మాటలు నడిచాక. అప్పుడు మీ పేరు వారికి కొత్త కాదు. రిక్వెస్టుతో పాటు చిన్న సందేశం పంపే వీలుంటే వాడుకోండి. ఉచిత ఖాతాల్లో అలాంటి సందేశాలు నెలకు కొన్నే పంపగలరు, కాబట్టి ఎవరికి పంపాలో చూసుకోండి. 'అరల వారీ లెక్కింపు గురించి మీ పోస్టు కింద మాట్లాడుకున్నాం. మీ ప్రయోగం ఫలితం తెలుసుకోవాలని ఉంది' అంటే చాలు. ఒప్పుకున్న వెంటనే ఉద్యోగం గురించో, అమ్మకం గురించో ఎత్తకండి. అంతవరకు జరిగిన సంభాషణ అంతా ఎరగా వేసినట్టు కనిపిస్తుంది.

కామెంటులో పొరపాటు రాశాను. దిద్దాలా, తీసేయాలా?

అక్షరదోషమైతే దిద్దండి. దిద్దినట్టు ఒక గుర్తు కనిపిస్తుంది, దానివల్ల నష్టం లేదు. విషయమే తప్పయితే, ఎవరైనా జవాబిచ్చాక అసలు వాక్యాన్ని మార్చకండి. వారి జవాబు అర్థం లేకుండా పోతుంది. దాని కిందే 'పైన చెప్పిన సంఖ్య తప్పు, సరైనది ఇది' అని రాయండి.

## పనిచేస్తోందో లేదో చూసుకోవడం

ఇది ఫలిస్తోందని ఎలా తెలుస్తుంది?

లైకులు లెక్కించకండి. మీ ప్రొఫైలు చూసినవారి జాబితా తెరవండి. ఉచిత ఖాతాలో కొందరే కనిపిస్తారు, అది చాలు. వారి హోదాలు మీరు చేరాలనుకున్న రంగానివేనా? కామెంట్లు మొదలుపెట్టకముందు అక్కడ ఎవరుండేవారు, ఇప్పుడు ఎవరున్నారు అన్న మార్పే మొదటి గుర్తు. తర్వాత, అడగకుండానే ఎవరైనా ఒక పోస్టు దగ్గర @ గుర్తుతో మీ పేరు పెట్టి 'దీని మీద మీరేమంటారు?' అంటారు. అది జరిగితే మీరు ఫలానా విషయం తెలిసిన మనిషిగా గుర్తుండిపోయారన్నమాట.

వారానికి ఎంత సమయం పెట్టాలి?

వారానికి నాలుగైదు కామెంట్లు, ఒక్కోదానికి పావుగంట. ఉద్యోగం చేసుకునేవారికి అంతకు మించి నడవదు. రోజుకు ఇరవై కామెంట్లు రాయమనే సలహాలు తరచూ కనిపిస్తాయి. ఆ వేగంలో పోస్టు పూర్తిగా చదవడమే కుదరదు.

నెలల తరబడి రాస్తున్నా ఎవరూ గుర్తుపట్టడం లేదు. లోపం ఎక్కడ ఉంది?

మీ ప్రొఫైలులోని యాక్టివిటీ విభాగంలో కామెంట్లన్నీ వరుసగా కనిపిస్తాయి. మీ ప్రొఫైలు తెరిచేవారికి కూడా అవి కనిపిస్తాయి. చివరి ఇరవై కామెంట్లను, వాటి పైనున్న పోస్టులు చూడకుండా, ఒక్కసారిగా చదవండి. ఏ పోస్టు కిందైనా అతికే కామెంట్లు సగానికి మించి ఉంటే లోపం రాతలో ఉంది. కామెంట్లు నిర్దిష్టంగా ఉన్నా ఒకటి నియామకాల మీద, ఒకటి మార్కెటింగ్ మీద, ఒకటి నిల్వల మీద ఉంటే లోపం ఎంపికలో ఉంది. మిమ్మల్ని దేనితో కలిపి గుర్తుపెట్టుకోవాలో చదివేవారికి అర్థం కాదు. అప్పుడు ఒకే అంశం తీసుకుని రెండు మూడు నెలలు దాని మీదే రాయండి. రెండూ బాగానే ఉంటే, ఆ పోస్టుల కింద జవాబిచ్చినవారి హోదాలు చూడండి. వారంతా మీలాగే అవకాశాలు వెతుకుతున్నవారైతే, మీరు ఎంచుకున్న పదిహేను మంది పేర్లలో సగం మార్చాలి.